సంత దగ్గర ఆగే డాక్టరు బండి: పాడేరు ఏజెన్సీలో సంచార వైద్యశాలకు నిధులడిగిన ప్రతిపాదన

అల్లూరి సీతారామరాజు జిల్లా పాడేరు డివిజన్‌లోని రెండు మండలాల్లో సంచార వైద్యశాల నడపడానికి మూడేళ్ల నిధులు కోరుతూ మా సంస్థ హైదరాబాద్‌లోని ఒక ధార్మిక ట్రస్టుకు ప్రతిపాదన పెట్టింది. దాన్ని రాసినవాళ్లలో నేనొకణ్ణి, వృత్తి డాక్టరీ. ప్రతిపాదన ఎలా కట్టాం, బడ్జెట్‌లో ఏ పద్దు ఎందుకు పెట్టాం, ట్రస్టీలు ఎక్కడ పట్టుకున్నారు, చివరికి ఏం తేలింది అన్నది ఇక్కడ రాస్తున్నాను. సంస్థల పేర్లు, ఊళ్ల పేర్లు కావాలనే వదిలేశాను. రూపాయల లెక్కలన్నీ మా ప్రతిపాదనలో వేసుకున్న అంచనాలే కాబట్టి ఇంకో జిల్లాకు అవి అలాగే పనికిరావు.

104 ఉండగా మీరెందుకు?

మొదటి సమావేశంలో మొదటి ప్రశ్న ఇదే. న్యాయమైన ప్రశ్న. ఆంధ్రప్రదేశ్‌లో 104 అనే ప్రభుత్వ సంచార వైద్య వాహనాలు 2008 నుంచి పల్లెలకు తిరుగుతున్నాయి. 2023లో ఫ్యామిలీ డాక్టర్ విధానం వచ్చాక పీహెచ్‌సీ డాక్టరే ఆ వాహనంతో ఊళ్లకు వెళ్తున్నారు. ఊరి స్థాయిలో ఆశా కార్యకర్త, ఏఎన్ఎం, హెల్త్ క్లినిక్‌లో నర్సు చదువు చదివిన ఆరోగ్య ఉద్యోగి ఎంఎల్‌హెచ్‌పి ఉంటారు. ఇవన్నీ లేనట్టు రాసిన ప్రతిపాదనను జిల్లా వైద్యాధికారి ఒక్క ఫోన్‌తో కొట్టిపారేయగలరు, అలా కొట్టిపారేయడం సబబే కూడా.

మా జవాబు చిన్నది. 104 బండి పంచాయతీ కేంద్రం దాకా, అంటే వాహనం పోగలిగిన దారి ఉన్నంతవరకు వస్తుంది. అక్కడినుంచి కొండమీదికి మూడు నాలుగు గంటల నడక ఉన్న గూడేలవాళ్లకు బండి వచ్చే రోజు తెలియదు. తెలిసినా, ఒక బీపీ మాత్ర కోసం కూలి పోగొట్టుకుని దిగిరారు. కానీ వాళ్లే వారానికోసారి సంతకు దిగుతారు. పసుపు, అడ్డాకులు, చింతపండు అమ్ముకుని ఉప్పు, నూనె, ఎండుచేపలు కొనుక్కుని సాయంత్రానికి కొండెక్కేస్తారు. దిగిన మనిషికి ఆ రోజు డాక్టరు కనిపించాలి. అందుకే మా పది మజిలీల్లో ఆరు వారపు సంతల పక్కన పెట్టాం. మిగతా నాలుగూ గూడేల కింద రోడ్డు ఆగిపోయే చోట్లు.

వారానికి ఐదు రోజులు తిరుగుడు, ఒక రోజు మందుల లెక్క, రికార్డులు, బండి మరమ్మతు. ప్రతి మజిలీకి పదిహేను రోజులకోసారి బండి వస్తుంది. 104 వచ్చే తేదీల పట్టికను ముందే తెచ్చుకుని, ఏ ఊళ్లోనూ రెండు బండ్లూ ఒకే రోజు పడకుండా సర్దాం. జిల్లా వైద్యాధికారి, గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏ ప్రాజెక్టు అధికారి ఇద్దరి దగ్గరా అనుమతి పత్రాలు తీసుకుని ప్రతిపాదనకు జతచేశాం. ఈ రెండు కాగితాలు లేకుండా ఏజెన్సీలో వైద్య కార్యక్రమం అని దాత దగ్గరికి వెళ్లడం దండగ.

ఏ బండి

ట్రస్టు మనసులో పెద్ద బస్సు ఉంది. లోపల ఎక్స్‌రే, ల్యాబు, ఏసీ, బయట రెండువైపులా ట్రస్టు పేరు. చూడ్డానికి బాగుంటుంది, ప్రారంభోత్సవం ఫొటోకి ఇంకా బాగుంటుంది. ఘాట్ రోడ్డు మలుపుల్లో అది తిరగదు. సంత దగ్గర నిలపడానికి చోటుండదు. అందులో ఎక్స్‌రే పెట్టాలంటే రేడియేషన్ భద్రతకు అణుశక్తి నియంత్రణ మండలి లైసెన్సు కావాలి, టెక్నీషియన్ కావాలి, జనరేటర్ కావాలి. మేం అడిగింది పదమూడు సీట్ల రకం చిన్న వ్యాను. లోపల ఒక పరీక్ష బల్ల, మందుల అర, ఐస్‌ప్యాకులు పెట్టే పెట్టె, పక్కకు విప్పుకునే టార్పాలిన్. రోగుల్ని చూసేదంతా ఆ టార్పాలిన్ కిందే. గర్భిణులను, ఆడవాళ్లను పరీక్షించడానికి మాత్రమే బండి లోపలి బల్ల.

వ్యాను, లోపలి పని, పరికరాలు, రిజిస్ట్రేషన్లు కలిపి ఒకేసారి పెట్టే ఖర్చు రూ.22 లక్షలు. ట్రస్టు బస్సుకని అనుకున్న మొత్తం ఇంతకు చాలా ఎక్కువ. "మిగిలింది నడపడానికివ్వండి" అన్నాం. దాతలకు ఈ మాట అంత తేలిగ్గా రుచించదు. బండి కనపడుతుంది, జీతం కనపడదు.

ఏటా అయ్యే ఖర్చు

మొదటి ఏడాది నడిపే ఖర్చు ఇలా చూపించాం.

| పద్దు | రూ. లక్షల్లో |
|---|---|
| సిబ్బంది (డాక్టర్, నర్సు, ఫార్మసిస్టు, ల్యాబ్ టెక్నీషియన్, డ్రైవర్, సమన్వయకర్త, ఇద్దరు తోడువాళ్లు) | 32.4 |
| డీజిల్, టైర్లు, సర్వీసింగ్, బీమా | 4.0 |
| మందులు, పరీక్ష కిట్లు | 8.0 |
| బయోమెడికల్ వ్యర్థాలు | 0.4 |
| రిఫరల్ నిధి | 6.0 |
| ఫోన్లు, రికార్డులు, ముద్రణ | 1.2 |
| ఆడిట్, కార్యాలయం | 3.0 |
| మొత్తం | 55.0 |

ఏటా ఆరు శాతం పెరుగుదల వేసుకుంటే మూడేళ్లకు రూ.175 లక్షలు, బండితో కలిపి సుమారు రూ.1.97 కోట్లు.

ఈ పట్టికలో రెండు పద్దుల గురించి చెప్పాలి. డీజిల్ లెక్కకు బండి కంపెనీ చెప్పే మైలేజీ వేయకూడదు. ఏడాదికి 220 రోజులు, రోజుకు 90 కిలోమీటర్లు అనుకుంటే 19,800 కిలోమీటర్లు. ఘాట్‌లో లీటరుకు తొమ్మిదికి మించి రాదని వేసుకున్నాం. కంపెనీ అంకె వేసుంటే ఏడాది చివరి మూడు నెలలు బండి షెడ్డులోనే ఉండేది.

రెండోది మందులు. టీబీ మందులు, మలేరియా మందులు ప్రభుత్వ కార్యక్రమం నుంచి పీహెచ్‌సీ ద్వారానే రావాలి కాబట్టి వాటికి డబ్బు అడగలేదు. బీపీ, షుగర్ మందులు మాత్రం కొంటామన్నాం. అదీ ప్రభుత్వ హెల్త్ క్లినిక్‌లో దొరికే మందులే. మేం ఒక ఖరీదైన కాంబినేషన్ మాత్ర మొదలుపెట్టి, బండి ఒక వారం రాకపోతే ఆ మనిషికి ఊళ్లో ఇంకెక్కడా అది దొరకదు. అందుకే అమ్లోడిపిన్‌తో మొదలు, తర్వాత టెల్మిసార్టన్. పదిహేను రోజులకోసారి వచ్చే బండే అయినా మాత్రలు నెలకు సరిపడా ఇస్తాం. ఒక సంత తప్పినా మందు తప్పదు.

డాక్టరు జీతం నెలకు రూ.90,000 పెట్టాం. ఆయన లేకపోతే ఏంటి అని ఎవరూ అడగకముందే మేమే రాశాం. ఏజెన్సీలో డాక్టరు కొన్ని నెలలు ఖాళీగా ఉండటం వింత కాదు. ఆ రోజుల్లో బండి ఆగదు. నర్సు రాతపూర్వక ఆదేశాల ప్రకారం పాత రోగులకు మందులిస్తుంది, పరీక్షలు చేస్తుంది, ప్రమాద లక్షణాలు ఉన్నవాళ్లను పంపిస్తుంది. కొత్తగా వైద్యం మొదలుపెట్టదు. నివేదికలో ఆ రోజులు వేరే వరుసలో చూపిస్తాం.

పంపడం అంటే చీటీ రాయడమా?

ప్రతిపాదనకు గుండెకాయ రిఫరల్ భాగం. ట్రస్టుతో వాదన జరిగింది కూడా దీనిమీదే.

సంచార వైద్యశాలలో డాక్టరు చేయగలిగింది కొంతే. దగ్గు, జ్వరం, గజ్జి, బీపీ, షుగర్ అక్కడే చూస్తాం. మిగతావాళ్లకు "పాడేరు వెళ్లు", "విశాఖ కేజీహెచ్ పెద్దాసుపత్రికి వెళ్లు" అని చీటీ రాసిస్తాం. బండి రావడానికి ముందు అద్దె జీపులో కొన్ని నెలలు తిరిగినప్పుడు మేం రాసిన చీటీల్లో చాలావాటితో మనుషులు గడప దాటలేదు. కారణాలడిగితే నాలుగే వచ్చాయి. దారిఖర్చు లేదు. వెంట వచ్చేవాళ్లు లేరు. అక్కడ మా భాష ఎవరికీ రాదు. నాలుగోది ఎవరూ పైకి చెప్పరు, రోగుల వెంట ఆసుపత్రికి వెళ్లే మా తోడువాళ్లే రాబట్టారు: అక్కడ చనిపోతే శవాన్ని కొండమీదికి ఎవరు తెస్తారు?

రిఫరల్ దారిని ఈ నాలుగింటి చుట్టూ కట్టాం. మూడు రంగుల చీటీలు పెట్టుకున్నాం.

ఎర్రచీటీ అంటే ఇప్పుడే కదలాలి. గర్భిణికి బీపీ 160/110 దాటడం, ఫిట్స్, రక్తస్రావం, ఏమీ తాగలేని పసిబిడ్డ, స్పృహ తప్పిన మలేరియా జ్వరం, ఆక్సిజన్ 90 లోపు. ముందు 108కి ఫోన్. సిగ్నల్ లేకపోయినా, 108 రావడానికి మరీ ఆలస్యమయ్యేలా ఉన్నా క్లినిక్ ఆపేసి మా బండే పీహెచ్‌సీకి పోతుంది, సంతలో వరుసలో ఉన్నవాళ్లు తిట్టుకున్నా సరే. కదిలేముందు చేయాల్సింది గోడకు అంటించి ఉంటుంది. ఉదాహరణకు గుర్రపువాతం అనుమానం ఉంటే రెండు పిరుదుల్లో ఐదేసి గ్రాముల మెగ్నీషియం సల్ఫేట్ ఇంజెక్షన్ ఇచ్చాకే ప్రయాణం.

పసుపుచీటీ అంటే వారంలోగా. ఇందులో మేం గట్టిగా పట్టుకున్న సూత్రం, మనిషి బదులు నమూనా పంపగలిగితే మనిషిని పంపకూడదని. రెండు వారాలు దాటిన దగ్గు ఉన్నవాళ్లను కఫం పరీక్షకు పాడేరు పొమ్మంటే పోరు. ఆశా కార్యకర్త ముందురోజే డబ్బా ఇస్తుంది, తెల్లవారి కఫం అందులో వేసుకుని సంతకు తెస్తారు. అది చల్లపెట్టెలో, టీబీని పట్టే ట్రూనాట్ మెషీన్ ఉన్న ఆసుపత్రికి పోతుంది. వంశపారంపర్య రక్తవ్యాధి సికిల్ సెల్ నిర్ధారణకు రక్తం కూడా అంతే. దీనివల్ల పసుపుచీటీలు బాగా తగ్గాయి.

ఆకుపచ్చచీటీ అంటే తొందర లేనిది, కానీ వాయిదా వేస్తే ఎప్పటికీ జరగనిది. కంటిపొర, వరిబీజం, గుండెలో మర్మర్ అనే అసాధారణ శబ్దం వినిపించిన పిల్లలు. వీళ్లను నెలలో ఒక నిర్ణీత రోజున ఐదారుగురిని కలిపి తోడుమనిషి పాడేరుకో విశాఖ కేజీహెచ్‌కో తీసుకెళ్తుంది. కేజీహెచ్‌లో గిరిజన రోగులకు సాయపడే ఎస్టీ సెల్ ఉంది. ముందురోజు అక్కడికి ఫోన్ చేసి పేర్లు చెప్పడం తోడుమనిషి పని. ఎన్టీఆర్ వైద్య సేవ కింద వచ్చే కేసైతే ఆధార్, రేషన్ కార్డు ఇంటి దగ్గరే చూసుకోవాలి. ఘాట్ దిగి నూట పది కిలోమీటర్ల పైచిలుకు వచ్చాక ఆధార్‌లో పేరు తప్పుందని తేలితే ఆ కుటుంబం మళ్లీ రాదు.

తోడుమనుషులిద్దరూ ఆ మండలాల ఆడవాళ్లే. ఆదివాసీ ఒడియా, తెలుగు వస్తాయి. ఒకరికి ఇక్కడి ఇంకో గిరిజన భాష కువి కూడా వచ్చు. పదో తరగతి చదువు చాలు. వాళ్ల బదులు నర్సును పెట్టుకోవచ్చుగా అన్నారు ట్రస్టీలు. ఆసుపత్రిలో నర్సులున్నారు. ఓపీ కౌంటర్ దగ్గర నిలబడేవాళ్లు, డాక్టరు మాట కువిలో చెప్పేవాళ్లు, రాత్రి వరండాలో పక్కన పడుకునేవాళ్లే లేరు.

ఒక చీటీ ప్రయాణం

ప్రతిపాదన అనుబంధంలో అద్దె జీపు రోజుల నాటి ఒక కేసు పెట్టాం. ఏడో నెల గర్భిణి, మూడో కాన్పు, సంతకు పసుపు అమ్మడానికి దిగింది. కాళ్లవాపులు, ఆయాసం. హిమోగ్లోబిన్ 6.4. మీటరు మీద అనుమానంతో ఇంకో వేలి నుంచి మళ్లీ చూశాం, 6.5. మలేరియా కిట్ నెగెటివ్, సికిల్ సొల్యుబిలిటీ పరీక్ష నెగెటివ్. చివరి మూడు నెలల్లో ఏడు లోపు ఉంటే ఆసుపత్రిలో చేర్చాలి. ఇనుము మాత్రలిచ్చి ఇంటికి పంపే దశ దాటిపోయింది.

ఆమె రానంది. ఇంట్లో ఇద్దరు పిల్లలు, భర్త కూలికి కొండదిగి వెళ్లాడు. డాక్టరుగా నేను చెప్పగలిగిందంతా చెప్పాను, తల ఊపింది, గోనెసంచి భుజాన వేసుకుంది. తోడుమనిషి నన్ను పక్కకు జరగమని ఆమె పక్కన కూచుంది. "వదినా, పిల్లల్ని మీ అత్త దగ్గర ఎన్నాళ్లుంచగలవు?" అని అడిగింది. రెండు రోజులంది. "అయితే సంత మళ్లీ వచ్చేలోపు తెచ్చి ఇక్కడే దించుతా" అంది. రెండు రోజులు అన్నదాన్ని వారానికి బేరమాడింది. నేను రక్తం గురించి మాట్లాడాను, ఈమె పిల్లల గురించి మాట్లాడింది.

మూడోరోజు ఆశా కార్యకర్త ఆమెను రోడ్డు దాకా దింపింది. పాడేరు ప్రభుత్వాసుపత్రిలో చేరింది, రక్తం ఎక్కించారు, తర్వాత ఐరన్ సుక్రోజ్ ఇంజెక్షన్ల తేదీలు రాసిచ్చారు. ఆ ఇంజెక్షన్లు దగ్గర్లోని పీహెచ్‌సీలోనే వేసేలా మాట్లాడి, తేదీలు ఏఎన్ఎం రిజిస్టర్‌లో ఎక్కించాం. తిరుగు బస్సు, ఆటో, తోడుమనిషి భోజనం, ఆమె భోజనం అన్నీ కలిపి మా నిధి నుంచి పోయింది రూ.1,460. వైద్యానికి ఒక్క రూపాయి కాలేదు, అది ప్రభుత్వమే ఇచ్చింది. ఈ రూ.1,460 లేకపోతే ఆ ఉచిత వైద్యం ఆమెకు లేనట్టే.

కాన్పుకైతే తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్ ఇంటికి దింపుతుంది. మిగతా రోగాలకు 108 తీసుకెళ్లడమే, తిరిగి తేవడం దాని పని కాదు. రిఫరల్ నిధిలో సగం తిరుగు ప్రయాణానికే పోతుందని ట్రస్టుకు ఈ కేసుతోనే చూపించాం.

నిధి లెక్క, ఆడిటరు గొడవ

ఏడాదికి 8,800 సందర్శనలు, అందులో నూటికి ఐదుగురిని పంపుతామని వేసుకున్నాం. అంటే 440 మంది. 300 మందికి దగ్గరి పీహెచ్‌సీ, సీహెచ్‌సీ ప్రయాణం సగటున రూ.400. 100 మందికి పాడేరు, రూ.1,500. 40 మందికి విశాఖ, తోడుతో కలిపి రూ.6,000. మొత్తం రూ.5.1 లక్షలు. మిగతా రూ.90 వేలు ప్రభుత్వాసుపత్రిలో ఆ రోజు దొరకని స్కానింగులకు, శవాన్ని ఊరికి చేర్చాల్సి వస్తే అయ్యే ఖర్చుకు. పెద్దాసుపత్రి నుంచి శవాలను చేర్చే ప్రభుత్వ మహాప్రస్థానం వాహనం ఉచితమే. అది ఆగిన చోటినుంచి గూడెం దాకానే ఖర్చు. ఈ పద్దును ప్రతిపాదనలో పేరు పెట్టి రాయాలా వద్దా అని మాలో మేం తర్జనభర్జన పడ్డాం. రాశాం. ఊరిపెద్దలకు చెప్పినప్పుడు నమ్మకం కుదిరింది కూడా ఆ ఒక్క మాటతోనే.

ట్రస్టు ఆడిటరు అడిగింది బిల్లులు. సంత ఆటోవాడు బిల్లివ్వడు. బిల్లు కావాలంటే దొంగబిల్లు పుడుతుంది. మేం ప్రతి మజిలీ నుంచి ప్రతి ఆసుపత్రికి ఒక ధరల పట్టిక వేసి ప్రతిపాదనలోనే ఆమోదం అడిగాం. ఆ మేరకే డబ్బిస్తాం. రుజువుగా మూడు ఉండాలి: చీటీ నంబరు, రోగి సంతకం లేదా వేలిముద్ర, ఆసుపత్రి ఓపీ నంబరు. మూడోది లేని చీటీని ఆడిటరు మాకు చెప్పకుండా ఎంచుకుని తోడుమనిషితో కాకుండా నేరుగా ఊరెళ్లి అడగవచ్చు. దీనికి ఆయన ఒప్పుకున్నారు.

చీటీ కింది సగం ఆసుపత్రి డాక్టరు నింపి తిప్పి పంపడానికి. అది నిండి వస్తుందని మేం ఆశపడలేదు. రోజుకు వందమందిని చూసే డాక్టరుకు ఇంకో కాగితం భారమే. తోడుమనిషి ఓపీ చీటీని, డిశ్చార్జి కాగితాన్ని ఫోన్‌లో ఫొటో తీసి పంపుతుంది, ఫార్మసిస్టు రికార్డులో ఎక్కిస్తాడు.

కోత పడబోయిన చోటు

రెండో సమావేశంలో ఒక ట్రస్టీ భాగహారం వేశారు. రూ.55 లక్షలను 8,800తో భాగిస్తే ఒక్కో సందర్శనకు రూ.625. ఇంకో సంస్థ ఇందులో మూడో వంతుకే చేస్తానందట. "తోడుమనుషుల జీతం, రిఫరల్ నిధి కలిపితే దగ్గర దగ్గర పదిలక్షలు. అది తీసేస్తే మీరూ తగ్గుతారు కదా డాక్టర్ గారూ" అన్నారు. లెక్క సరైనదే. తోడుమనుషులకు రూ.3.84 లక్షలు, నిధికి రూ.6 లక్షలు.

తలకింత అనే కొలతతో ఎవరైనా ఖర్చు తగ్గించవచ్చు. రోడ్డు పక్క ఊళ్లలోనే ఆగి, ఒళ్లునొప్పులకు మాత్రలు పంచితే రోజుకు 120 మంది వస్తారు. అందుకే మేం కొలతే మార్చమన్నాం. మూడు అంకెలు చాలన్నాం. పంపినవాళ్లలో ముప్పై రోజుల్లోగా ఆసుపత్రి చేరి వైద్యం మొదలైనవాళ్లు ఎందరు. బీపీ రోగుల్లో 140/90 లోపు ఉన్నవాళ్లు ఎందరు. మజిలీకి గంటకు మించి నడక ఉన్న గూడేలనుంచి వచ్చినవాళ్లు ఎందరు. మొదటిదానికి మొదటి ఏడాది లక్ష్యం నూటికి అరవై అని రాశాం. తొంభై రాయమని మా సమన్వయకర్త పట్టుబట్టాడు, అలా రాస్తే రికార్డులో తొంభై కనపడుతుంది గానీ కొండమీద కాదు అని ఒప్పించాల్సి వచ్చింది.

వానాకాలం గురించి కూడా అడిగారు. జూలై నుంచి అక్టోబరు దాకా మలేరియా ఎక్కువ, రోడ్లు తెగేదీ అప్పుడే. ఆ నాలుగు నెలల్లో రెండు మజిలీలకు బండి పోవడం కుదరదని ముందే రాసి, ఆ గూడేల ఆశా కార్యకర్తల దగ్గర పీహెచ్‌సీ ఇచ్చే మలేరియా కిట్లు, మందులు జూన్‌లోనే నిండుగా ఉండేలా చూస్తామన్నాం. 220 రోజుల లెక్కలో ఈ నష్టం కలిసే ఉంది.

మూడేళ్ల తర్వాత ఏంటన్న ప్రశ్నకు, ఇది సొంత కాళ్లమీద నిలబడే పని కాదని చెప్పాం. ఫీజు పెడితే రావాల్సినవాళ్లే మానేస్తారు. ఎంఎల్‌హెచ్‌పి దగ్గర మా రోగుల కార్డులు మొదటిరోజునుంచీ నడుస్తాయి కాబట్టి బండి ఆగినా బీపీ, షుగర్ మందులు ఆగవు. తోడుమనుషుల పద్దును ఐటీడీఏ తీసుకోవాలని రెండో ఏడాది చివర్లో లెక్కలతో అడుగుతాం. ఇస్తారన్న హామీ లేదని కూడా రాశాం.

ట్రస్టు రెండేళ్లకు ఖాయంగా, మూడో ఏడాదికి సమీక్ష మీద ఒప్పుకుంది. ఆడిట్, కార్యాలయం పద్దులో లక్ష తగ్గించింది. బండిమీద పేరుకు పట్టుబట్టింది. పేరు ఒకవైపు, రెండోవైపు ఏ సంతకు ఏ వారం వస్తుందో పెద్ద అక్షరాల్లో రాసేలా సర్దుకున్నాం. రిఫరల్ నిధిని వేరే బ్యాంకు ఖాతాలో ఉంచాలనీ, డీజిల్‌కో జీతాలకో మళ్లించకూడదనీ ఒప్పందంలో మేమే షరతు పెట్టించుకున్నాం. నెలాఖరున డబ్బు బిగిసినప్పుడు ముందు చెయ్యి పడేది ఆ పద్దుమీదే. మొదటి వాయిదా బండికి, ఆరు నెలల ఖర్చుకు వచ్చింది. రెండో వాయిదా రావాలంటే ఓపీ నంబర్లతో చీటీల జాబితా సమర్పించాలి.